ట్యాబ్ చెప్పే లెవెల్ ఎవరి లెవెల్?

ఆరో తరగతి అని బోర్డు పెట్టిన గదిలో నిజంగా ఆరో తరగతి పాఠం అందుకోగలిగిన పిల్లలు ఎంతమంది ఉంటారో తాండా బడుల్లో పనిచేసే మాకు తెలుసు. ఒకరు భిన్నాలు చేస్తుంటారు. ఇద్దరు ముగ్గురు రెండంకెల తీసివేత దగ్గరే తడబడుతుంటారు. ఇంకొకరు మొన్ననే బెంగళూరు నుంచి తల్లిదండ్రులతో తిరిగి వచ్చి, నాలుగు నెలల పాఠాలు ఏమీ తెలియక కూర్చుని ఉంటారు. పాఠ్యపుస్తకం మాత్రం అందరికీ ఒకటే. మాస్టారు ఆ పుస్తకం వెంట పోతే సగంమంది వెనక మిగిలిపోతారు, వెనకబడిన వాళ్ల దగ్గర ఆగితే సిలబస్ మిగిలిపోతుంది.

ఈ కష్టానికి మందు దొరికిందని ఇప్పుడు చెబుతున్నారు. దాని పేరు అడాప్టివ్ లెర్నింగ్. పిల్లవాడు ట్యాబ్‌లో ప్రశ్నలకు జవాబులు ఇస్తూ పోతే, వాటిని బట్టి సాఫ్ట్‌వేర్ అతని స్థాయి ఏమిటో అంచనా వేసి, తగిన పాఠాన్ని, తగిన ప్రశ్నను ముందు పెడుతుంది. గదిలో ముప్పై మంది ఉంటే ముప్పై దారులు. మన రాష్ట్రంలో ప్రభుత్వ పాఠశాలల్లో పర్సనలైజ్డ్ అడాప్టివ్ లెర్నింగ్, పొట్టిగా 'పాల్' అనే పేరుతో కన్వీజీనియస్ సంస్థ సాఫ్ట్‌వేర్‌ను వాడుతున్నారు. నోబెల్ గ్రహీత మైకేల్ క్రెమర్ ఆధ్వర్యంలోని షికాగో విశ్వవిద్యాలయ బృందం కూడా ఈ కార్యక్రమాన్ని అధ్యయనం చేసింది. కనుక ఇది ఎక్కడో అమెరికా మాట కాదు, మన బడి మాటే.

ఒక సంగతి మొదట విడదీసి చూడాలి. ట్యాబ్ ఉన్నంత మాత్రాన అది అడాప్టివ్ చదువు కాదు. 2022 జూన్‌లో మన ప్రభుత్వం బైజూస్ సంస్థతో ఒప్పందం చేసుకుంది. అదే ఏడాది డిసెంబర్ 21న ఎనిమిదో తరగతి పిల్లలకు, వారి ఉపాధ్యాయులకు 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు ఇచ్చే కార్యక్రమం మొదలైంది. వాటిలో ముందే నింపి ఇచ్చిన వీడియో పాఠాలు అందరికీ ఒకేలా నడుస్తాయి. ఈ వ్యాసంలో మేము మాట్లాడేది అలాంటి పాఠాల గురించి కాదు. పిల్లవాడి గురించి ఒక నిర్ణయం తీసుకునే సాఫ్ట్‌వేర్ గురించి. పాఠం చూపించే యంత్రం వేరు, పిల్లవాడికి ఏమి వచ్చో ఏమి రాదో తేల్చే యంత్రం వేరు. రెండోది మాస్టారి పనిలో భాగం తీసుకుంటోంది. అందుకే అది ఎలా తేలుస్తుందో మాస్టారికి తెలిసి ఉండాలి.

అది బాగా చేసే పని

ముందు దాని మంచిని చెప్పుకుందాం. 52 నుంచి 27 తీసివేయమంటే జవాబు 25. మన పిల్లల్లో చాలామంది 35 అని రాస్తారు. ఎందుకు? ఒకట్ల స్థానంలో 2 నుంచి 7 పోదు కనుక, తిప్పేసి 7 నుంచి 2 తీసి 5 వేస్తారు. పదుల స్థానంలో 5 నుంచి 2 తీసి 3 వేస్తారు. అదే పిల్లవాడికి 61 నుంచి 38 ఇస్తే 37 అంటాడు, 43 నుంచి 19 ఇస్తే 36 అంటాడు. ఇది అజాగ్రత్త కాదు. 'ఎప్పుడూ పెద్ద అంకె నుంచి చిన్న అంకె తీయాలి' అని అతను ఒక నియమం పెట్టుకుని దాన్ని తప్పకుండా పాటిస్తున్నాడు. ఆ నియమమే తప్పు.

నలభై నోటు పుస్తకాలు దిద్దే మాస్టారు మూడుచోట్లా ఇంటూ మార్కు పెట్టి ముందుకు పోయే ప్రమాదం ఉంది. మంచి సాఫ్ట్‌వేర్ మాత్రం 35, 37, 36 అనే జవాబులను ఒకచోట చేర్చి, ఇవన్నీ ఒకే తప్పు అని గుర్తిస్తుంది. పిల్లవాడిని మళ్లీ మొదటి నుంచి తీసివేత నేర్చుకోమని పంపకుండా, పది కట్టను విప్పి పది పుల్లలు చేసే పాఠం దగ్గరికి తీసుకుపోతుంది. ఈ పని అది విసుగు లేకుండా, ఒకేసారి నలభై మందికి చేయగలదు. దీన్ని తక్కువ చేసి మాట్లాడాల్సిన అవసరం మాకు లేదు.

అంచనా ఎలా పుడుతుంది

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పిల్లవాడికి తీసివేత వచ్చా రాదా అనేది సాఫ్ట్‌వేర్‌కు కనిపించదు. దానికి కనిపించేది అతను ఏ జవాబును తాకాడు, ఎంతసేపట్లో తాకాడు అన్నదే. అక్కడి నుంచి అది లెక్క వేసుకోవాలి. ఆ లెక్కకు రకరకాల పద్ధతులు ఉన్నాయి. ఏ కంపెనీ సరిగ్గా ఏది వాడుతుందో సాధారణంగా ఉపాధ్యాయులకు చెప్పరు. కానీ అందరికంటే పేరున్న పాత పద్ధతి ఒకటి ఉంది. 1990లలో అమెరికాలో కార్బెట్, ఆండర్సన్ అనే ఇద్దరు పరిశోధకులు రూపొందించారు. దాన్ని అర్థం చేసుకుంటే మిగతావాటి స్వభావం కూడా అర్థమవుతుంది.

వంద మంది పిల్లలను ఊహించుకుందాం. వాళ్లలో 40 మందికి తీసివేత వచ్చు, 60 మందికి రాదు అని సాఫ్ట్‌వేర్ మొదట అనుకుంటుంది. అయితే వచ్చినవాడు కూడా ఒక్కోసారి పొరపాటు చేస్తాడు. పది మందిలో ఒకరు అలా తప్పుతారని పెట్టుకుంటుంది. రానివాడు కూడా ఒక్కోసారి గుడ్డిగా తాకి గెలుస్తాడు. నాలుగు జవాబుల్లో ఒకటి సరైనది కనుక నలుగురిలో ఒకరికి అలా తగులుతుందని పెట్టుకుంటుంది.

ఇప్పుడు ఒక పిల్లవాడు తప్పు జవాబు తాకాడు. వచ్చిన 40 మందిలో తప్పు చేసేవాళ్లు 4. రాని 60 మందిలో తప్పు చేసేవాళ్లు 45. మొత్తం తప్పు చేసేవాళ్లు 49. ఆ 49 మందిలో నిజంగా వచ్చినవాళ్లు 4 మందే. అంటే ఈ పిల్లవాడికి తీసివేత వచ్చే అవకాశం 100కు 8 మాత్రమే అని సాఫ్ట్‌వేర్ తేల్చేస్తుంది. ఒక్క తప్పుతో 40 కాస్తా 8 అయింది. ఆ తరువాత అది అతన్ని కిందికి, సులభమైన ప్రశ్నల వైపు పంపడం సహజమే.

లెక్కలో తప్పు లేదు. ప్రశ్న ఏమిటంటే, 'వచ్చినవాడు పది మందిలో ఒకసారే తప్పుతాడు' అనే సంఖ్య ఎవరిని చూసి పెట్టారు?

తాండా పిల్లల దగ్గర ఆ సంఖ్య ఎందుకు మారుతుంది

ఒక ప్రశ్న తీసుకుందాం. 'లక్ష్మి దగ్గర 52 కోడిగుడ్లు ఉన్నాయి. సంతలో కొన్ని అమ్మగా 27 మిగిలాయి. ఎన్ని అమ్మింది?' కింద నాలుగు జవాబులు: 25, 35, 79, 27.

అనంతపురం జిల్లాలో సుగాలి తాండాల్లో పిల్లలు పుట్టి పెరిగేది గోర్ బోలీలో. ఇంట్లో అమ్మ అంటే యాడి, లెక్క మొదలయ్యేది ఏక్, దీ, తీన్ అంటూ. తెలుగు వాళ్లకు బడి భాష, అంగడి భాష. పైగా ఇప్పుడు పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. అంటే ఆరో తరగతి బిడ్డ మూడు భాషల మధ్య లెక్క చేస్తుంది. 'అమ్మగా' అన్న మాట చదివినప్పుడు ఆ బిడ్డకు ముందు తట్టేది బడిలో నేర్చుకున్న 'అమ్మ'. అమ్మడం అనే పని, దాని తరువాత వచ్చే 'గా', ఆ తరువాత 'మిగిలాయి' ఇవన్నీ కలిసి ఏమి చెబుతున్నాయో పట్టుకోవడం కష్టం. రెండు సంఖ్యలు కనిపించాయి, కలిపేస్తుంది. 79 తాకుతుంది.

అదే బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని, గోర్ బోలీలో అడిగి, నేల మీద చింతగింజలు పెట్టి చూడండి. యాభై రెండు ఉన్నాయి, అమ్మిన తరువాత ఇరవై ఏడు ఉన్నాయి, పోయినవి ఎన్ని? 'ఇరవై అయిదు, సార్' అని చెప్పే పిల్లలు ఉన్నారు. వాళ్లకు తీసివేత వచ్చు. రానిది 'అమ్మగా'.

ఇప్పుడు పై లెక్కను మళ్లీ వేద్దాం. తీసివేత వచ్చిన 40 మంది తాండా పిల్లల్లో ఇలాంటి తెలుగు ప్రశ్నకు పది మందిలో ఒకరు కాకుండా సగంమంది తప్పుతారనుకుందాం. అప్పుడు వచ్చినవాళ్లలో తప్పు చేసేవాళ్లు 20. రానివాళ్లలో మునుపటిలాగే 45. మొత్తం 65. అందులో నిజంగా వచ్చినవాళ్లు 20. అంటే 100కు 31. అదే బిడ్డ, అదే తప్పు. ఒక లెక్కలో 8, ఇంకో లెక్కలో 31. యంత్రం ఆ బిడ్డను ఎంత కిందికి తోసేస్తుందన్నది ఆ ఒక్క సంఖ్య మీద ఆధారపడి ఉంది. ఆ సంఖ్యను పట్నం పిల్లలను, ఇంటి భాషలోనే చదువుకునే పిల్లలను చూసి పెట్టి ఉంటే, మన బిడ్డ తప్పు ఆమె తెలివిమీద పడుతుంది.

రెండో ఇబ్బంది వలస. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. అదీ వేళకు పడదు. వేరుశనగ ఎండిపోయిన ఏడు తల్లిదండ్రులు మూటముల్లె సర్దుకుని బెంగళూరు ఇటుక పనికో, బిల్డింగ్ పనికో పోతారు. సీజనల్ హాస్టల్ ఉన్నచోట కొందరు పిల్లలు నిలుస్తారు, లేనిచోట వెంట పోతారు. పైన చెప్పిన పాత పద్ధతిలో ఒక విచిత్రం ఉంది. పిల్లవాడు నేర్చుకుంటాడు అనే లెక్క ఉంది కానీ మరిచిపోతాడు అనే లెక్క లేదు. ఒకసారి 'వచ్చు' అని రాసుకుంటే, నాలుగు నెలల తరువాత కూడా వచ్చినట్టే. తరువాతి కాలంలో దీన్ని సరిదిద్దే పద్ధతులు వచ్చాయి. మీ బడిలో ఉన్న సాఫ్ట్‌వేర్‌లో ఆ సరిదిద్దు ఉందో లేదో తెలుసుకోవడానికి తేలిక మార్గం ఒకటి ఉంది. వలస నుంచి తిరిగి వచ్చిన పిల్లవాడికి మొదటి రోజు అది ఏ ప్రశ్న ఇస్తుందో చూడండి. పోయిన డిసెంబర్‌లో ఆగిన చోటునుంచే మొదలుపెడితే, దానికి మరపు తెలియదని అర్థం. అప్పుడు ఆ పిల్లవాడు వరసగా తప్పులు చేసి, పైనుంచి కిందికి మెట్టు మెట్టుగా జారుతాడు. జారిన ప్రతి మెట్టూ అతనికి అవమానంగానే తోస్తుంది.

మూడోది ఒకరి ట్యాబ్‌లో ఇంకొకరు చేయడం. అన్న లాగిన్‌లో చెల్లెలు, చెల్లెలి లాగిన్‌లో మామ కొడుకు. తాండాలో వస్తువు ఇంటిల్లిపాదిదీ. యంత్రానికి అది తెలియదు, ఒక్కడే పిల్లవాడు ఒక రోజు తెలివిగా, ఒక రోజు మందంగా ఉన్నాడనుకుంటుంది. నాలుగోది పిల్లలు విసిగిపోయి గుడ్డిగా తాకడం. ఈ రెండింటినీ డ్యాష్‌బోర్డ్‌లో పసిగట్టవచ్చు. ప్రశ్న చదవడానికే పది సెకన్లు పట్టేచోట రెండు మూడు సెకన్లలో జవాబు పడిందంటే చదవకుండానే తాకారన్నమాట. వరసగా అన్నింటికీ ఒకే స్థానంలోని జవాబు పడినా అంతే. ఒక్క రాత్రిలో స్థాయి రెండు తరగతులు ఎగిరితే చేసింది వేరే చేయి. డ్యాష్‌బోర్డ్‌లో రంగుల వృత్తాలను చూడటంకన్నా ఈ సమయం గడిని చూడటం మాస్టారికి ఎక్కువ చెబుతుంది.

ఢిల్లీ అధ్యయనం నిజంగా చెప్పింది

ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను సమర్థించేవాళ్లు తరచుగా చూపే ఆధారం ఢిల్లీలో జరిగిన మైండ్‌స్పార్క్ అధ్యయనం. కార్తీక్ మురళీధరన్, అభిజిత్ సింగ్, అలెహాండ్రో గనిమియన్ అనే ఆర్థికవేత్తలు దాన్ని చేశారు, 2019లో ప్రచురించారు. 619 మంది పిల్లలు. లాటరీ తీసి కొందరికి బడి తరువాత నడిచే మైండ్‌స్పార్క్ కేంద్రాల్లో ఉచితంగా చేరే అవకాశం ఇచ్చారు, మిగతావాళ్లతో పోల్చారు. నాలుగున్నర నెలల్లో గణితంలోనూ హిందీలోనూ కేంద్రాల పిల్లలు స్పష్టంగా ముందుకు వెళ్లారు. ఆరో తరగతి పిల్లలు గణితంలో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారని కూడా అదే అధ్యయనం చూపింది. మన గదుల్లో మేము చూసేదీ అదే.

కానీ ఆ కేంద్రంలో ఏమి జరిగిందో చూడాలి. రోజూ గంటన్నర. అందులో 45 నిమిషాలు కంప్యూటర్ ముందు, 45 నిమిషాలు చిన్న గుంపుగా ఒక మనిషి దగ్గర. ఆ ఫలితం రెండూ కలిసి తెచ్చింది. ఇందులో యంత్రం వాటా ఎంత, మనిషి వాటా ఎంత అని ఆ అధ్యయనం విడదీయలేదు. కనుక దాన్ని చూపించి 'ట్యాబ్ ఇస్తే చాలు, మాస్టారు పర్యవేక్షిస్తే చాలు' అనడం ఆ అధ్యయనం చెప్పని మాటను దాని నోట పెట్టడమే. ఒకే ఉపాధ్యాయుడు అయిదు తరగతులు చూసే బడిలో ఆ రెండో 45 నిమిషాలు ఎక్కడి నుంచి వస్తాయన్నదే మనం అడగాల్సిన ప్రశ్న.

ఇంకో మాట. ఆ కేంద్రాల పిల్లలు గణితంలో అంత నేర్చుకున్నా, బడిలో పెట్టే తరగతి స్థాయి గణిత పరీక్షలో ఆ మెరుగుదల కనిపించలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. మూడో తరగతి తీసివేత నేర్చుకున్న ఆరో తరగతి పిల్లవాడు నిజంగానే ముందుకు నడిచాడు. కానీ పరీక్ష కాగితం మీద ఆరో తరగతి ప్రశ్నలే ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ పిల్లవాడి స్థాయికి దిగింది, పరీక్ష దిగలేదు. అధికారి పరీక్ష మార్కులనే అడుగుతుంటే, మాస్టారు ఆ పిల్లవాడిని ట్యాబ్ దగ్గర్నుంచి లేపి మళ్లీ ఆరో తరగతి పాఠం ముందు కూర్చోబెడతాడు. పిల్లవాడి నడకను కొలవడానికి వేరే కొలత లేకపోతే వ్యక్తిగత బోధన అన్న మాటకు అర్థం ఉండదు.

ఆ లెవెల్ ఎక్కడికి పోతుంది

మాస్టారి నోటు పుస్తకంలోని ఇంటూ మార్కు ఏడాది చివర చెత్తలోకి పోతుంది. ట్యాబ్‌లో తాకిన జవాబు అలా పోదు. పేరు, బడి, తరగతి, ఫోన్ నంబర్, ప్రతి తాకిడి, దానికి పట్టిన సమయం, ఏ రోజు వచ్చాడు, ఏ నెలలు రాలేదు, ఇవన్నీ ఎక్కడో ఒక సర్వర్‌లో కూడుతూ ఉంటాయి. నాలుగు నెలల ఖాళీ కనిపిస్తే చాలు, ఆ ఇల్లు వలస పోయిందని ఎవరైనా చెప్పగలరు. బడి రికార్డులో పక్కనే ఎస్టీ అనే గడి ఉంటుంది. ఈ రెండూ కలిపి సగటు తీస్తే 'ఎస్టీ పిల్లల లెవెల్ ఇంత' అనే వాక్యం తయారవుతుంది. అందులో 'అమ్మగా' సంగతి ఉండదు, చింతగింజల సంగతి ఉండదు.

రిజిస్టర్‌లో పడిన పేరు ఏమి చేస్తుందో మన తెగలకు ఎవరూ చెప్పనక్కరలేదు. 1871లో మొదలై 1911లో మద్రాసు రాష్ట్రానికీ విస్తరించిన నేరస్థ తెగల చట్టం కింద యెరుకల వాళ్లతో పాటు ఎన్నో తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా రాసుకున్నారు. 1952లో ఆ చట్టం పోయింది. ముద్ర పోవడానికి ఇంకా ఎన్నో ఏళ్లు పట్టింది. సాఫ్ట్‌వేర్ రాసుకునే లెవెల్ ఆ రిజిస్టర్‌తో సమానమని మేము అనడం లేదు. కానీ మన గురించి మనకు చూపించకుండా రాసుకునే దేన్నైనా ప్రశ్నించే హక్కు మనకు ఆ చరిత్ర నుంచే వచ్చింది.

దాచిన సమాచారం దాగి ఉంటుందన్న నమ్మకం కూడా లేదు. కేంద్ర ప్రభుత్వపు 'దీక్ష' వేదికనే చూడండి, మనమందరం శిక్షణలకు వాడిందే. 2022లో హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ 49 దేశాల విద్యా యాప్‌లను పరిశీలించి, దీక్ష యాప్‌కు పిల్లలు ఎక్కడ ఉన్నారో కచ్చితంగా తెలుసుకునే వీలు ఉందని చెప్పింది. 2023 జనవరిలో దీక్షకు సంబంధించిన ఒక సర్వర్ తాళం లేకుండా తెరిచి ఉండటం వల్ల 10 లక్షలకు పైగా ఉపాధ్యాయుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లు, దాదాపు 6 లక్షల మంది విద్యార్థుల వివరాలు బయటపడి ఉన్నాయని వార్తలు వచ్చాయి. ప్రభుత్వ వేదికే ఇలా ఉంటే, కంపెనీ సంగతి ఇంకా అడగాలి. బైజూస్‌పై 2024 జూలైలో దివాలా ప్రక్రియ మొదలైంది. కంపెనీ మూతపడితే కుర్చీలూ బల్లలూ ఎవరికి పోతాయో చట్టంలో ఉంటుంది. పిల్లల రికార్డులు ఎవరికి పోతాయో ఒప్పంద పత్రంలో ముందే రాసుకోవాలి.

చట్టం ఉంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లందరూ పిల్లలే. వాళ్ల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల నిర్ధారించదగిన అనుమతి కావాలి. వాళ్ల నడవడికను వెంబడించి గమనించడం కూడదు. కానీ 2025 నవంబర్‌లో వచ్చిన నిబంధనలు విద్యాసంస్థలకు మినహాయింపు ఇచ్చాయి. విద్యా కార్యకలాపాల కోసం, పిల్లల భద్రత కోసం అలా గమనించవచ్చు. పైగా చాలా నిబంధనలు 18 నెలల తరువాతే అమలులోకి వస్తాయి. 'విద్యా కార్యకలాపం' అనే మాట ఎంత దూరం సాగుతుంది? తీసివేత నేర్పడానికి తీసుకున్న రికార్డుతో కొత్త సాఫ్ట్‌వేర్ తయారుచేసుకోవడం విద్యా కార్యకలాపమేనా? ఇక్కడ చట్టం మౌనంగా ఉన్నంతకాలం ఒప్పందమే మాట్లాడాలి.

అనుమతి సంగతి కూడా మనకు తెలిసిందే. తాండాలో తల్లి వేలిముద్ర వేస్తుంది. కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. 'సంతకం పెట్టకపోతే నా బిడ్డకు ట్యాబ్ రాదేమో' అని భయపడి వేసే ముద్రను అనుమతి అనలేము. ఆ కాగితాన్ని గోర్ బోలీలో చదివి వినిపించి, వద్దన్నా బిడ్డ చదువు ఆగదని చెప్పి, ఆ తరువాత తీసుకున్నదే అనుమతి.

మాస్టారి పని ఏమిటి

సాఫ్ట్‌వేర్ వచ్చాక మాస్టారి పని తగ్గుతుందని కొందరు, పోతుందని కొందరు అంటున్నారు. మా అనుభవంలో పని మారుతుంది. యంత్రం ఒక అంచనా ఇస్తుంది. అది సరైనదో కాదో తేల్చవలసినవాడు మాస్టారు. దీనికి పెద్ద శిక్షణ అక్కరలేదు, వారానికి ఒక గంట చాలు.

ఆ వారంలో సాఫ్ట్‌వేర్ కిందికి దించిన పిల్లల జాబితా తీయండి. ఒక్కొక్కరికి నోటు పుస్తకంలో మూడు ప్రశ్నలు ఇవ్వండి. మొదటిది ఉత్త అంకెలతో: 52 నుంచి 27 తీయి. రెండోది అదే లెక్క తెలుగు మాటల్లో. మూడోది అదే లెక్క ఇంటి భాషలో, నోటితో, గింజలతో. మూడూ తప్పితే యంత్రం సరిగ్గానే చెప్పింది, ఆ పిల్లవాడికి పది కట్ట విప్పే పాఠం కావాలి. మొదటిదీ మూడోదీ వచ్చి రెండోది తప్పితే అది భాష సమస్య, అతన్ని గణితంలో కిందికి దించకూడదు. మూడోది మాత్రమే వస్తే చేతికి వచ్చిన లెక్క కాగితం మీదికి ఇంకా రాలేదని అర్థం. ఈ మూడు ప్రశ్నలు యంత్రం అడగలేనివి, ఎందుకంటే అందులో మూడోది దానికి రాని భాషలో ఉంది.

అయితే తేల్చిన తరువాత దాన్ని యంత్రానికి చెప్పే దారి ఉండాలి. మనం చూసిన కొన్ని చోట్ల ఉపాధ్యాయుడికి చూసే వీలే ఉంది, మార్చే వీలు లేదు. అందుకే మేము అడిగేవి నాలుగు. ఒకటి, పిల్లవాడి స్థాయిని మార్చే మీట ఉపాధ్యాయుడి చేతిలో ఉండాలి. రెండు, రంగుల బొమ్మలే కాకుండా పిల్లవాడు తాకిన అసలు జవాబులు, పట్టిన సమయం మాకు కనిపించాలి. మూడు, మాటల లెక్కలను గోర్ బోలీలోనూ, యెరుకల భాషలోనూ గొంతుతో వినిపించే ఏర్పాటు ఉండాలి. ఆ గొంతు ఇవ్వడానికి మన యువకులే ఉన్నారు. నాలుగు, బడి వదిలిన పిల్లవాడి రికార్డు ఏ తేదీకి చెరిపివేస్తారో, ఒప్పందం ముగిస్తే లేక కంపెనీ మూతపడితే అది ఎవరి దగ్గర ఉంటుందో తెలుగులో రాసి బడి గోడకు అంటించాలి.

వీటిని అడగడానికి విజయవాడ పోనక్కరలేదు. ప్రతి బడికీ పేరెంట్స్ కమిటీ ఉంది. అందులో మన తాండా తల్లులు సభ్యులుగా ఉన్నారు. వచ్చే సమావేశంలో హాజరు, మధ్యాహ్న భోజనం మాట అయిపోయాక ట్యాబ్ మాట కూడా ఎత్తండి. డిగ్రీ చదువుతున్న యువకులు వెళ్లి ఆ కాగితాన్ని తల్లులకు చదివి వినిపించండి. తీర్మానం పుస్తకంలో ఈ నాలుగు ప్రశ్నలు రాయించి, ప్రధానోపాధ్యాయుడి సంతకంతో మండల విద్యాధికారికి పంపండి. జవాబు వచ్చినా రాకపోయినా, ఆ తేదీ మన పుస్తకంలో ఉంటుంది.